కోటి దాటినా దాటనట్టు చూపే లెక్క

ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక బ్యాంకు నుంచి కోటి రూపాయలకు మించి నగదు తీసుకుంటే, మించిన సొమ్ము మీద రెండు శాతం టీడీఎస్ కింద బ్యాంకు పట్టుకోవాలి. 1961 ఆదాయపు పన్ను చట్టంలోకి 194ఎన్ సెక్షన్‌గా వచ్చి, 2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన నిబంధన ఇది. సహకార సంఘాలకు హద్దులు వేరుగా ఉన్నాయి. మనకిప్పుడు వాటితో పని లేదు. కోటి దాటిన క్షణాన్ని కంప్యూటరు ఎలా కనిపెడుతుంది, ఎలా కనిపెట్టలేకపోతుంది అన్నదే మన విషయం.

కనిపెట్టాలంటే ప్రతి లావాదేవీ పక్కనా ‘ఇప్పటిదాకా ఎంత తీశాడు’ అన్న అంకె ఉండాలి. దీన్నే రన్నింగ్ టోటల్ అంటారు. ఏప్రిల్ 1న సున్నా నుంచి మొదలై, నగదు తీసినప్పుడల్లా పెరుగుతూ, మార్చి 31 దాటగానే మళ్లీ సున్నాకు రావాలి. చెప్పుకోవడానికి ఇంతే. కానీ డేటాబేసుల్లో ఈ అంకె రావలసిన చోట కాక మరోచోట సున్నాకు రావడం, రావలసిన చోట రాకపోవడం తరచూ జరుగుతుంది. ఎక్కడా ఎర్రక్షరాల్లో తప్పు కనబడదు. క్వెరీ నడుస్తుంది, పట్టిక వస్తుంది, అంకెలన్నీ నమ్మదగ్గట్టే ఉంటాయి.

కిరాణా కొట్టు ఖాతా పుస్తకం తెలిసినవాళ్లకు ఈ యంత్రాంగం కొత్తది కాదు. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ ఉంటుంది. పేజీలో పద్దులు తేదీ వరసలో పడతాయి. ప్రతి పద్దు దగ్గరా పై పద్దులన్నీ కలిపి మొత్తం వేస్తారు. డేటాబేసు భాష ఎస్‌క్యూఎల్‌లో ఈ పని చేసేది విండో ఫంక్షన్. అందులో `PARTITION BY` అన్నది పేజీ ఎవరిది, ఎక్కడ మార్చాలి అని చెబుతుంది. `ORDER BY` పద్దుల వరస చెబుతుంది. ఇంకా ఎంతవరకు కలపాలో చెప్పే మూడో ముక్క ఒకటుంది. దాన్ని చాలామంది రాయనే రాయరు. రాయకపోతే ఏమవుతుందో తర్వాత చూద్దాం. 2003 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనే విండో ఫంక్షన్లు ఉన్నా, మై ఎస్‌క్యూఎల్ లాంటి బాగా వాడుకలో ఉన్న డేటాబేసుకు అవి 2018లో 8.0 వెర్షన్‌తో గానీ రాలేదు. ఇవి మామూలు ఉద్యోగుల చేతికి వచ్చి ఎంతో కాలం కాలేదన్నమాట.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. విజయవాడలో ఇళ్లు కట్టే ఒక కాంట్రాక్టరు ఉన్నాడనుకోండి. మేస్త్రీలకు, కూలీలకు నగదే ఇవ్వాలి. ఒకే బ్యాంకులో ఆయనకు రెండు ఖాతాలున్నాయి, ఏ, బీ అని. (మార్కెట్ యార్డు కమీషన్ ఏజెంటును తీసుకోకపోవడానికి కారణం ఉంది. రైతులకు చెల్లించే నగదు విషయంలో వాళ్లకు షరతులతో కూడిన మినహాయింపు ఉంది.) లెక్క సులువుగా ఉండేందుకు ఏడే లావాదేవీలు తీసుకున్నాను. అంకెలన్నీ లక్షల్లో.

```
txn_id  txn_date    acct  amount
101     2023-05-10  A     30
102     2023-09-18  B     25
103     2023-12-12  A     20
104     2024-02-09  B     15
105     2024-02-09  A     18
106     2024-03-22  A     12
107     2024-04-05  A     10
```

ముందు చేత్తో లెక్క వేద్దాం. మేలో 30, సెప్టెంబరులో 55, డిసెంబరులో 75. ఫిబ్రవరి 9న మొదటిసారి తీసినప్పుడు 90, అదే రోజు రెండోసారి తీసినప్పుడు 108. కోటి దాటింది అక్కడ. దాటిన 8 లక్షల మీద రెండు శాతం, అంటే 16,000 రూపాయలు పట్టుకోవాలి. మార్చిలో తీసిన 12 లక్షలు పూర్తిగా కోటికి పైనే కాబట్టి 24,000. ఏడాదికి మొత్తం 1 కోటి 20 లక్షల నగదు, 40,000 టీడీఎస్. ఏప్రిల్ 5న తీసిన 10 లక్షలు కొత్త ఆర్థిక సంవత్సరానివి కాబట్టి అక్కడ రన్నింగ్ టోటల్ 10గా మొదలవ్వాలి.

ఇప్పుడు క్వెరీ రాసే మనిషి పక్కన కూర్చుందాం. ఆయన ముందున్నది ఖాతాల వారీగా దాచిన పట్టిక. పాస్‌బుక్కు ఖాతాకొకటి, స్టేట్‌మెంటు ఖాతాకొకటి. అందుకే చెయ్యి దానంతటదే `PARTITION BY acct` అని రాసేస్తుంది. అప్పుడు ఏ ఖాతా టోటల్ మార్చి చివరికి 30, 50, 68, 80 అని నడుస్తుంది. బీ ఖాతాది 25, 40 దగ్గర ఆగుతుంది. ఏదీ వందకు చేరదు. కాంట్రాక్టరు కోటి దాటనే లేదు! చట్టం మాత్రం ఒక బ్యాంకులో ఒక మనిషికి ఉన్న ఒకటి గానీ అంతకు మించి గానీ ఖాతాలన్నిటినీ కలిపి చూడమంటుంది. అంటే పేజీ మనిషి పేరున ఉండాలి. ఇక్కడ పొరపాటు ఎస్‌క్యూఎల్ తెలియక జరిగింది కాదు, ‘ఎవరి లెక్క’ అన్న ప్రశ్న వేసుకోకపోవడం వల్ల జరిగింది.

ఆ ప్రశ్నకు ‘మనిషి లెక్క’ అని జవాబు చెప్పుకున్నంత మాత్రాన పని తీరిపోదు. మనిషిని పట్టికలో ఏ గడి గుర్తుపడుతుంది? పాన్ నంబరు అనుకుంటే, పాన్ ఇవ్వని ఖాతాదారుల దగ్గర ఆ గడి ఖాళీగా, అంటే `NULL`గా ఉంటుంది. పార్టిషన్ చేసేటప్పుడు డేటాబేసు `NULL`లన్నిటినీ ఒకే గుంపుగా చూస్తుంది. ఒకరి ముఖం ఒకరికి తెలియని మనుషుల నగదంతా ఒకే పేజీలో పడి, ఎవరో అమాయకుడి దగ్గర కోటి దాటుతుంది. పాన్ వెనకాల ఒక ఖాళీ జాగా టైపు చేసి ఉంటే దీనికి ఎదురు జరగవచ్చు, ఒకే మనిషి ఇద్దరైపోతాడు. రిజర్వు బ్యాంకు ప్రతి ఖాతాదారుకూ ఒకే గుర్తింపు కోడ్ ఉండాలని చెబుతుంది. దాన్నే యూసీఐసీ అంటారు. మన పట్టికలో అలాంటి కోడ్ `cust_id` పేరుతో ఉందనుకుందాం.

ఇక ‘ఎప్పటి నుంచి’ అన్న ప్రశ్న. ఏడాదికోసారి పేజీ మార్చాలి కాబట్టి తేదీలోంచి సంవత్సరం తీసి పార్టిషన్‌లో పెడతారు:

```sql
PARTITION BY cust_id, EXTRACT(YEAR FROM txn_date)
```

చూడడానికి ఇందులో తప్పేమీ లేదు. కానీ కంప్యూటరుకు సంవత్సరమంటే జనవరి నుంచి డిసెంబరు. మన పట్టికలో 2023 పేజీ 30, 55, 75 దగ్గర ముగుస్తుంది. ఫిబ్రవరిలో కొత్త పేజీ 15తో మొదలై 33, 45 అవుతుంది. అసలు సున్నాకు రావలసిన ఏప్రిల్ 5న రాకుండా 55 అవుతుంది. ఒకే పట్టికలో రెండు తప్పులన్నమాట. కాకూడని చోట రీసెట్ అయింది, కావలసిన చోట కాలేదు. మళ్లీ కోటి దాటలేదు, పన్ను పట్టలేదు.

ఇది పట్టుబడకపోవడానికి ఓ కారణం ఉంది. పరీక్షించి చూసేవాళ్లు సాధారణంగా ఓ రెండు మూడు నెలల లావాదేవీలతో చూస్తారు. ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు క్యాలెండరు సంవత్సరమైనా ఆర్థిక సంవత్సరమైనా అంకె ఒకటే. మేలో రాసిన క్వెరీని మేలోనే పరీక్షిస్తే, మొదటి మూడు నెలల డేటా అందులో లేకపోతే, అది నూటికి నూరుపాళ్లు సరిగానే ఉంటుంది. జనవరి దాకా బయటపడదు.

సవరణ చిన్నదే. తేదీని మూడు నెలలు వెనక్కి జరిపి, అప్పుడు సంవత్సరం తీయాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఇలా:

```sql
EXTRACT(YEAR FROM txn_date - INTERVAL '3 months') AS fy
```

2024 మార్చి 31ని మూడు నెలలు వెనక్కి జరిపితే 2023 డిసెంబరు 31, కాబట్టి `fy` 2023. 2024 ఏప్రిల్ 1 వెనక్కి వెళితే 2024 జనవరి 1, కాబట్టి `fy` 2024. ఆర్థిక సంవత్సరం మొదలైన ఏడాదే దాని పేరవుతుంది. నా మటుకు నేను ఈ సూత్రాన్ని ప్రతి క్వెరీలో తిరగరాయడం కంటే, తేదీల పట్టిక ఒకటి పెట్టుకుని ‘ఈ తేదీ ఈ ఆర్థిక సంవత్సరానిది’ అని ఒక్కచోట రాసుకోవడమే మేలంటాను. నలుగురు నాలుగు చోట్ల రాసే సూత్రం ఏదో ఒక చోట తేడా పడుతుంది.

పేజీలు సరిపోయాయి, ఇక పద్దుల వరస. ఇక్కడి తప్పులు ఇంకా గడుసువి. ఎందుకంటే ఏడాది చివరి మొత్తం సరిగ్గానే వస్తుంది, మధ్యలో లెక్క చెడుతుంది.

తేదీని తేదీగా కాక అక్షరాలుగా దాచిన పట్టికలు మన దగ్గర తక్కువేమీ కాదు. ఎక్సెల్ నుంచి ఎక్కించిన డేటాలో ‘10-05-2023’ అన్నది ఉత్త అక్షరాల వరస కావచ్చు. మనం తేదీని రోజుతో మొదలుపెట్టి రాస్తాం కాబట్టి, అక్షరాల వరసలో ‘09-02-2024’ ముందొచ్చి ‘10-05-2023’ తర్వాత వస్తుంది. ఫిబ్రవరి మే కంటే, 2024 2023 కంటే ముందైపోతాయి. మన కాంట్రాక్టరు 2023-24 పేజీలో పద్దులు ఫిబ్రవరి, మే, డిసెంబరు, సెప్టెంబరు, మార్చి వరసలో కలుస్తాయి. టోటల్ 15, 33, 63, 83, 108, 120. చివరి అంకె 120 సరైనదే. కానీ కోటి దాటింది సెప్టెంబరు 18 లావాదేవీ దగ్గర అని చూపిస్తుంది.

ఇంకో విచిత్రం. విండో లోపలి `ORDER BY` వేరు, పట్టికను తెరమీద చూపే వరస వేరు. క్వెరీ చివర సరైన తేదీతో వరస పెట్టి చూపితే, అదే టోటల్ మేలో 63, సెప్టెంబరులో 108, డిసెంబరులో 83, ఫిబ్రవరిలో 15, 33, మార్చిలో 120 అని కనబడుతుంది. చూసినవాళ్లెవరైనా ‘ఫిబ్రవరిలో రీసెట్ అవుతోంది, పార్టిషన్‌లో ఏదో తేడా ఉంది’ అంటారు. పార్టిషన్‌ను ఎంత వెతికినా తప్పు దొరకదు, ఎందుకంటే అక్కడ తప్పు లేదు. ఒక చిన్న ఆనవాలుంది. నిజంగా రీసెట్ అయితే టోటల్ మళ్లీ మొదటి నుంచి ఎక్కుతుంది. వరస చెడితే మాత్రం ఒకచోట దిగి, మరోచోట తీసిన సొమ్ము కంటే ఎక్కువగా ఎగురుతుంది. మార్చిలో తీసింది 12 లక్షలైతే, టోటల్ 33 నుంచి 120కి, అంటే ఏకంగా 87 లక్షలు గెంతింది కదా. అలాంటి గెంతు కనబడితే పార్టిషన్‌ను వదిలేసి వరసను చూడాలి.

తేదీ తేదీగానే ఉన్నా ఫిబ్రవరి 9 దగ్గర ఇంకో చిక్కుంది. ఆ రోజు రెండుసార్లు నగదు తీశాడు. క్వెరీలో `ORDER BY txn_date` అని మాత్రమే రాస్తే, 104, 105 లావాదేవీలు రెండింటి దగ్గరా 108 అనే వస్తుంది. 90 అన్న అంకె ఎక్కడా కనిపించదు. ముందు చెప్పిన మూడో ముక్క ఇక్కడే పనికొస్తుంది. దాన్ని ఫ్రేమ్ అంటారు. మనం రాయకపోతే ఎస్‌క్యూఎల్ ప్రమాణం తనంతట తాను `RANGE BETWEEN UNBOUNDED PRECEDING AND CURRENT ROW` అనుకుంటుంది. అందులో ‘కరెంట్ రో’ అంటే ఈ ఒక్క వరస కాదు, `ORDER BY` దృష్టిలో దీనికి సమానమైన వరసలన్నీ. మీరు తేదీ ఒక్కటే ఇచ్చారు, ఆ రెండూ ఒకే తేదీవి, ఏది ముందో మీరు చెప్పలేదు, కాబట్టి రెండూ కలిపేశాను అంటుంది డేటాబేసు. తర్కంగా చూస్తే దాన్ని తప్పుపట్టలేం. పద్దుల లెక్కకు మాత్రం అది పనికిరాదు.

దీని ఖర్చు ఎంతో చూద్దాం. ఒక్కో లావాదేవీలో కోటి మించిన భాగం తెలియడానికి సాఫ్ట్‌వేరు, ఆ లావాదేవీ తర్వాతి టోటల్‌లోంచి ఆ సొమ్ము తీసేసి ‘ముందు ఎంత ఉండేది’ అని చూస్తుంది. 104 దగ్గర టోటల్ 108, సొమ్ము 15, కాబట్టి ముందు 93. వంద దాటిన భాగం 8 లక్షలు. 105 దగ్గర టోటల్ 108, సొమ్ము 18, ముందు 90. దాటిన భాగం మళ్లీ 8 లక్షలు. ఒకే 8 లక్షల మీద రెండుసార్లు పన్ను పడింది, 16,000 బదులు 32,000. ఇప్పటిదాకా చూసిన తప్పుల్లో ప్రభుత్వానికి రావలసింది రాలేదు, లేదా తప్పు తేదీన వచ్చింది. ఇక్కడ ఖాతాదారు జేబులోంచి పోయింది. ఆయన రిటర్నులో టీడీఎస్ చూపించుకుని తిరిగి తెచ్చుకోవచ్చు, కానీ ఆ రోజు కూలీలకు ఇవ్వవలసిన నగదులో 16,000 తగ్గింది.

ఫ్రేమ్‌ను `ROWS` అని మార్చితే ఒక్కో వరస విడిగా కలుస్తుంది. అది ఒక్కటే చాలదు. తేదీ ఒక్కటే ఉంటే, ఒకే రోజు పద్దుల్లో ఏది ముందు అన్నది డేటాబేసు ఇష్టం. ఇవాళ 104 ముందు, రేపు కొత్త ఇండెక్సు పెడితే 105 ముందు కావచ్చు. మన ఉదాహరణలో ఎటు చూసినా పన్ను 16,000లే, కానీ ఒకరోజు రిపోర్టులో అది ఏ ఖాతా లావాదేవీ మీదా, ఇంకోరోజు బీ ఖాతా లావాదేవీ మీదా పడుతుంది. అందుకని తేదీ తర్వాత, లావాదేవీలు జరిగిన వరసలోనే పెరిగే నంబరు ఒకటి జోడించాలి. అన్నీ కలిపితే క్వెరీ ఇంత:

```sql
SELECT txn_id, txn_date, amount,
  SUM(amount) OVER (
    PARTITION BY cust_id, fy
    ORDER BY txn_date, txn_id
    ROWS UNBOUNDED PRECEDING
  ) AS running
FROM withdrawals
```

ఇందులో `fy` అన్న గడి ముందే లెక్కకట్టి ఉందనుకున్నాను.

ఇంత సరిగా రాసిన క్వెరీని కూడా ఒక్క వరస చేర్చి చెడగొట్టవచ్చు. ఈ నిబంధన పుట్టిన ఏడాదే దానికి మంచి ఉదాహరణ. సెక్షన్ 2019 సెప్టెంబరు 1 నుంచి అమలైంది. ఆగస్టు 31 లోపు తీసిన నగదు మీద పన్ను పట్టకూడదు. కానీ కోటి హద్దును ఏప్రిల్ 1 నుంచే లెక్కించాలని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది. ఆగస్టు లోపే ఎవరైనా కోటి దాటేసి ఉంటే, సెప్టెంబరు 1 తర్వాత తీసే ప్రతి రూపాయి మీదా రెండు శాతం పడుతుంది. లెక్క మొదలయ్యే తేదీ ఒకటి, పన్ను మొదలయ్యే తేదీ మరొకటి.

ఇలాంటి చోట చాలామంది రాసేది ఇదే: `WHERE txn_date >= '2019-09-01'`. క్వెరీలో ఎక్కడ రాసినా, విండో ఫంక్షన్ కంటే `WHERE` ముందు పనిచేస్తుంది. అది ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఉన్న పద్దుల్ని తీసేశాకే టోటల్ మొదలవుతుంది. చూపవద్దని చెప్పామనుకుంటాం, కలపవద్దని చెప్పినట్టవుతుంది. మేనేజరు ‘జనవరి నుంచి మార్చి వరకు రిపోర్టు ఇవ్వండి’ అన్నప్పుడు జరిగేది కూడా ఇదే. మన కాంట్రాక్టరు టోటల్ ఫిబ్రవరిలో 90కి బదులు 15తో మొదలై, 33 మీదుగా మార్చిలో 45 దగ్గర ఆగుతుంది. ముందు మొత్తం ఏడాదికి టోటల్ కట్టి, ఆ క్వెరీని లోపల పెట్టి, బయట నుంచి తేదీతో వడకట్టాలి. నాలుగు అక్షరాలు ఎక్కువ టైపు చేయాలి, అంతే.

మరి తప్పు జరిగిందని ఎలా తెలుసుకోవాలి? రీసెట్లు లెక్కపెట్టి చూద్దామని చాలామందికి తోస్తుంది. టోటల్, ఆ పద్దు సొమ్ము సమానంగా ఉన్న చోటల్లా కొత్త పేజీ మొదలైనట్టే కాబట్టి, అలాంటివెన్ని ఉన్నాయో లెక్కపెడితే మనుషులు, సంవత్సరాల సంఖ్యతో సరిపోవాలి. మన పట్టికలో ఒక మనిషి, రెండు ఆర్థిక సంవత్సరాలు, కాబట్టి రెండు. సరైన క్వెరీ రెండే ఇస్తుంది. జనవరిలో పేజీ మార్చిన తప్పు క్వెరీ కూడా రెండే ఇస్తుంది, మేలో 30, ఫిబ్రవరిలో 15 దగ్గర. లెక్క కుదిరింది, చోటు కుదరలేదు.

అంతకంటే గట్టి పరీక్ష ప్రతి వరసకూ విడిగా పెట్టేది. ఈ వరస టోటల్, పై వరస టోటల్‌కు ఈ సొమ్ము కలిపినంతే ఉండాలి. అదే మనిషి, అదే ఆర్థిక సంవత్సరం అయినంతవరకు ఈ నియమం తప్పకూడదు. మనిషిగానీ సంవత్సరంగానీ మారితే టోటల్ ఉత్త సొమ్ముకే సమానం కావాలి. దీన్ని పైన చూసిన ఫలితాల మీద పెట్టి చూడండి. ఖాతాల వారీ లెక్క సెప్టెంబరులోనే దొరుకుతుంది, 55 ఉండవలసిన చోట 25 ఉంది. క్యాలెండరు లెక్క ఫిబ్రవరిలోనూ ఏప్రిల్‌లోనూ దొరుకుతుంది. అక్షరాల వరస మేలోనే, తొలి పద్దు దగ్గరే దొరుకుతుంది. జంట 108లు రెండూ దొరుకుతాయి.

పై వరసను చూసే పనికి ఎస్‌క్యూఎల్‌లో `LAG` అనే విండో ఫంక్షనే ఉంది. కానీ దానికీ పార్టిషన్, వరస ఇవ్వాలి. తప్పు క్వెరీలోని ముక్కనే కాపీ చేసి `LAG`కు ఇస్తే, పరీక్ష కూడా అదే తప్పు పేజీల్లో తిరిగి అంతా బాగుందని చెబుతుంది. అందుకే పరీక్షలో `cust_id` ఒక్కటే పార్టిషన్‌గా ఉంచి, ఆర్థిక సంవత్సరం మారిందో లేదో విడిగా పోల్చాలి. `WHERE`తో కోసేసిన ఫలితం మీద ఈ పరీక్ష కూడా పనిచేయదు. 15, 33, 45 అన్న మూడు వరసలు తమలో తాము చక్కగా కుదురుతాయి. వాటికి ముందు 75 ఉందన్న సంగతి ఆ మూడింటిలో ఎక్కడా లేదు. దాన్ని పట్టాలంటే, వడకట్టని మూల పట్టిక నుంచి ఆ మనిషి ఏప్రిల్ 1 నుంచి తీసిన మొత్తాన్ని వేరుగా ఓ సాదా `SUM`తో తెచ్చి, మార్చి చివరి టోటల్‌తో పక్కపక్కన పెట్టాలి. ఒకటి 120 అంటుంది, ఇంకొకటి 45 అంటుంది.